కలలోని అపరిచితుడు
(మలంచాలోని తెలుగువారి సభలో చదివిన ప్రసంగ పాఠము)



రైల్వే పట్టణమున నివసించువారికి నిద్రవేళ యనునది అందరికిని ఒక్కటిగా నుండదు. ఇంటిలో ఒకరు పక్క వేయుచుండగా మరొకరు రాత్రి డ్యూటీకి టిఫిను డబ్బా సర్దుకొందురు. తెల్లవారుజామున వారు తిరిగివచ్చి తలుపు తట్టునప్పుడు ఇంటివారు కల మధ్యలో లేచి గడియ తీయుదురు. అట్లు మధ్యలో తెగిన కలలు మనస్సున నిలిచిపోవును. వానిని కాఫీ త్రాగుచు ఒకరికొకరు చెప్పుకొనునప్పుడు తరచుగా ఒక మాట వినవచ్చును: “ఎవడో తెలియదు, ముఖము సరిగా కనబడలేదు, కాని నా వెనుకనే వచ్చుచున్నాడు.”

కలలో తల్లి కనబడిన ఆశ్చర్యము లేదు. ఆఫీసరు కనబడినను ఆశ్చర్యము లేదు. ఎన్నడును చూడని మనిషి, పేరు లేనివాడు, చీకటిలో నీడవలె నిలిచినవాడు, మన కలలోనికి ఎట్లు వచ్చెను? ఎవరు పంపిరి? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

ఈ ప్రశ్నకు మన యిండ్లలో రెండు సమాధానములు సిద్ధముగా నుండును. పెద్దవారు అది గాలి యనియో, దిష్టి యనియో తలచి తాయెత్తు కట్టింతురు. చదువుకొన్న పిల్లలు అది అజీర్ణమని నవ్వి త్రోసివేయుదురు. రెండు సమాధానములలోను ఒక పోలిక కలదు. వచ్చినవాడు మనకు సంబంధించినవాడు కాడని ఇద్దరును ముందుగనే నిశ్చయించుకొనిరి. మూడవ సమాధానము మరొకటి కలదు. ఆ వచ్చినవాడు బయటివాడు కాడు. కల కన్నవాని మనస్సులోని ఒక భాగమే మనిషి రూపము ధరించి వచ్చినది, అనునదియే ఆ సమాధానము.

ఇది మన దేశమునకు బొత్తిగా క్రొత్తమాట కాదు. స్వప్నమందు రథములును మార్గములును నిజముగా లేకున్నను స్వప్నద్రష్టయే వానినెల్ల తనలోనుండి సృజించుకొనునని బృహదారణ్యకోపనిషత్తు చెప్పినది. చరకసంహిత స్వప్నములను ఏడు విధములుగా విభజించినది. చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది యను అయిదును మనస్సునుండియే పుట్టునవి. మిగిలిన రెండింటిలో ఒకటి రాబోవుదానిని సూచించునది, మరియొకటి దేహదోషమువలన కలుగునది. కావున రథమును సృజించిన మనస్సునకు రథముపై కూర్చున్న అపరిచితుని సృజించుట కష్టము కాదు. ఏల సృజించును, ఆ మనిషికి తన రూపము నీయక పరాయి రూపము నేల ఇచ్చును, అనునదియే విచారింపవలసిన విషయము.

ఈ విచారణకు మనకు మిక్కిలి సమీపముననున్న కలకత్తా నగరముతో గట్టి సంబంధము కలదు. 1922లో అచ్చట డాక్టరు గిరీంద్రశేఖర బోసు భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతము సులభముగా గ్రహింపదగినది. మనస్సులో ఏ కోరిక పుట్టినను దానికి ఎదురు కోరిక ఒకటి దానితోకూడ నుండునని ఆయన మతము. కొట్టవలెనను కోరిక పైకి తెలిసినచో కొట్టబడవలెనను కోరిక లోపల దాగియుండును. ఆజ్ఞాపించువానిలో అణగియుండవలెనను కోరిక దాగియుండును. ఒకటి వెలుగున నిలిచినప్పుడు రెండవది చీకటిలోనికి పోవును, కాని నశింపదు. ఈ దృష్టితో చూచినచో కలలో తరుమువాడును మనమే, పరుగెత్తువాడును మనమే. ఒక్క నాటకమున రెండు వేషములు ఒక్క నటుడే వేసినట్లుండును. అయితే పరుగెత్తు వేషమునకు మాత్రమే మనము “నేను” అని పేరు పెట్టుకొందుము.

ఇదే విషయమును మరొక త్రోవలో విచారించినవాడు స్విట్జర్లండు దేశీయుడైన కార్ల్ యూంగు. 1938 జనవరిలో భారత విజ్ఞాన మహాసభ రజతోత్సవము కలకత్తాలో జరిగినప్పుడు ఆయనయు వచ్చెను. జిగట విరేచనములతో బాధపడి పది దినములు ఆ నగరమున ఆసుపత్రిలోనే గడపెను. పిమ్మట కోణార్క దేవాలయమును దర్శించెను. కలకత్తానుండి ఆ దిక్కునకు పోవు రైలుమార్గము మన ఖరగపూరు మీదుగనే పోవునన్నది ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు.

యూంగు విద్యార్థిగా నున్న కాలమున కనిన కల యొకటి ఆయన ఆత్మకథలో కలదు. నేటి విషయమునకు దానికంటె మంచి ఉదాహరణము దొరకదు. రాత్రివేళ, తెలియని చోటు, దట్టమైన పొగమంచు, ఎదురుగాలి. ఆయన అరచేతుల మధ్య చిన్న దీపమొకటి పట్టుకొని మెల్లగా నడచుచుండెను. ఆ దీపము ఆరిపోయినచో సర్వము పోయినట్లేనని ఆయనకు తోచెను. వెనుక ఎవరో వచ్చుచున్నట్లనిపించి తిరిగి చూడగా బ్రహ్మాండమైన నల్లని ఆకారమొకటి వెన్నంటి వచ్చుచుండెను. భయము కలిగినను దీపమును మాత్రము కాపాడుకొనవలెనని నిశ్చయించుకొనెను. అంతలో మెలకువ వచ్చెను.

మేల్కొన్న వెంటనే ఆయనకు ఆ ఆకార మెవరో తెలిసినది. అది ఆయన నీడయే. ఆయన పట్టుకొన్న దీపపు వెలుగు ఆయన నీడను వెనుకనున్న మంచు తెరపై పడవేసినది. మంచులో నీడ ఉన్నదానికంటె ఎన్నోరెట్లు పెద్దదిగా కనబడును. ఇందు గమనింపదగిన దొకటి కలదు. దీపము లేనిచో ఆ నల్లని ఆకారము లేదు. మనిషి తనలో మంచిదని యెంచి దేనిని కాపాడుకొనుచున్నాడో, ఆ వెలుగే వెనుకనున్న నీడకు కారణమైనది. దీపమును ఆర్పుట నీడకు మందు కాదు. తిరిగి చూచి “ఇది నా నీడ” యని గుర్తించుటయే మందు.

యూంగు తరువాతి కాలమున ఈ మాటనే తన శాస్త్రమున వాడెను. “నేను ఇట్టివాడను” అని మనిషి చిన్ననాటినుండి ఒక చిత్రమును తయారుచేసికొనును. తండ్రి మెచ్చినది, బడిలో మెచ్చినది, బంధువులు మెచ్చినది ఆ చిత్రములో చేరును. దానికి సరిపడనిది వెనుకకు త్రోయబడును. త్రోయబడినదంతయు చెడ్డదే కానక్కరలేదు. శాంతస్వభావుడని పేరు పొందినవానిలో కోపము నీడలోనికి పోవును. కఠినుడని పేరు పొందినవానిలో కన్నీరు నీడలోనికి పోవును. లెక్కలలో గట్టివాడని యింటిల్లిపాదియు మెచ్చిన పిల్లవానిలో పాట నీడలోనికి పోవచ్చును. అట్లు పోయినది “నేను” అను పేరును కోల్పోయినది గనుక కలలోనికి వచ్చునప్పుడు నా ముఖముతో రాలేదు. అపరిచితుని ముఖముతోనే రావలసివచ్చును. కలలోని నీడమనిషి సాధారణముగా కల కన్నవారివలెనే పురుషునకు పురుషుడుగను, స్త్రీకి స్త్రీగను కనబడునని యూంగు చెప్పెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 1913 డిసెంబరు 18వ తేదీన యూంగు మరొక కల కనెను. గోధుమవన్నె దేహముగల అపరిచితుడొకడు తోడుగా నుండగా ఆయన కొండలలో తుపాకి పట్టి పొంచియుండెను. సూర్యోదయ సమయమున జర్మనుల పురాణవీరుడు సిగ్‌ఫ్రీడు రథమెక్కి రాగా ఇద్దరును కాల్చి చంపిరి. తన సంకల్పమే నెగ్గవలెనను తన వీరాభిమానమే ఆ సిగ్‌ఫ్రీడనియు, దానిని విడువవలసిన కాలము వచ్చినదనియు ఆయన అర్థము చెప్పుకొనెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని తోడువచ్చిన గోధుమవన్నె మనిషిని ఆయన తనలోని “ఆదిమ” నీడగా గ్రహించెను. ఆనాటి ఐరోపావారు ఇతర వర్ణములవారిని ఎట్లు చూచిరో ఆ చూపే ఆయన కలకు వేషము సమకూర్చినది.

ఈ దోషమును ఆయనయందే చూచి ఊరకుండుట తగదు. మన కలలలోని అపరిచితుడును మనము పగటివేళ దూరముగా నుంచినవారి బట్టలనే కట్టుకొని వచ్చును. ఒకరికి వేరు భాష మాట్లాడువానివలె, మరొకరికి వేరు కులమువానివలె, ఇంకొకరికి బిచ్చగానివలె కనబడును. అది ఆ మనుష్యులనుగూర్చిన వార్త కాదు. మన మనస్సు తనకు అక్కరలేనిదానిని ఎవరి భుజములమీద నుంచినదో తెలుపు వార్త. కలలో ఒక వాడకువచ్చిన క్రొత్త మనిషిని దొంగగా చూచి, మరునాడు నిజముగా ఆ వాడలోని క్రొత్తవారిని అనుమానించువాడు కలను తలక్రిందుగా చదివినవాడు.

సిద్ధాంతము ఇట్లుండగా, దానిని ఒక జీవితమున ఎట్లు పరిశీలించుటయో చూతము. ఇచ్చట చెప్పబోవు మనిషి ఫలానావాడని వెదకవలదు. విషయము తేటపడుటకై కల్పించిన మనిషి.

మలంచాలో నివసించు ఒక గుమాస్తా. వయస్సు నలువదియైదు. తండ్రి శ్రీకాకుళము ప్రాంతమునుండి వచ్చి రైల్వే కార్ఖానాలో పనిచేసి ఇచ్చటనే స్థిరపడెను. ఈయన ఎవరికిని కాదని చెప్పియెరుగడు. ఆఫీసులో ఒకరికి సెలవు కావలసినచో వారి పనియు ఈయనయే చేయును. “బంగారము వంటి మనిషి” యని వాడలో పేరు. ఈయనకు నెలలో నాలుగైదు మారులు ఒకే కల వచ్చుచుండెను. చాలకాలము ప్రపంచమునకెల్ల పొడవైనదిగా పేరొందిన ఖరగపూరు ప్లాటుఫారముపై తన ఇనుప ట్రంకుపెట్టెను మోసికొని నడచుచుండును. ఎంత నడచినను ప్లాటుఫారము తరుగదు. అలసి పెట్టెను దించినంతనే, కంబళి ముసుగు వేసికొన్న అపరిచితుడొకడు వచ్చి ఆ పెట్టెపై కూర్చుండును. లేవుమన్నను లేవడు. బ్రతిమాలినను పలుకడు. బండి వచ్చి పోవును. ఈయన చెమటతో మేల్కొనును.

మొదట భార్య తాయెత్తు కట్టించెను. కల మానలేదు. పిమ్మట ఆమెయే ఉపాయమొకటి చెప్పెను: లేచిన వెంటనే, ముఖమైనను కడుగకమున్ను, కలను కాగితముపై వ్రాయుము అని. ఇది సరియైన మొదటి మెట్టు. మేల్కొన్న కొలది నిమిషములలోనే కలలోని చాల భాగము మరపున పడును; మిగిలినదానిని మనస్సు తనకు అనుకూలముగా దిద్దుకొనును.

రెండవ మెట్టు, ఆ అపరిచితుడు ఎవరని అడుగుట మాని ఎట్టివాడని అడుగుట. గుమాస్తాగారు వ్రాసిన జాబితా చిన్నది: మొండివాడు, సిగ్గులేనివాడు, తనకు కావలసినచోట కూర్చుండువాడు, ఎవరేమనుకొందురో యను చింత లేనివాడు. “కొట్టెను” అని గాని “దొంగిలించెను” అని గాని అందు లేదు. అది చూచి ఆయనకే వింతయైనది. ఇంతకాలము తనకు హాని చేయవచ్చినవాడని భయపడెను. వ్రాసి చూడగా వాడు చేసినదల్లా కూర్చుండి లేవకపోవుటయే.

మూడవ మెట్టు, ఆ గుణములలో ఏది తనయందు బొత్తిగా లేదని గట్టిగా చెప్పుదునో చూచుకొనుట. ఎంత గట్టిగా “నాలో లేదు” అనిపించునో అంత శ్రద్ధగా అచ్చట వెదకవలెను. “నేను ఎన్నడును అట్లు మొండికి కూర్చుండలేదు” అని ఆయన అనుకొనెను. ఆ మాట అనుకొనునప్పుడు గొంతులో ఏదో పట్టినట్లాయెను.

నాలుగవ మెట్టు, కల వచ్చిన రాత్రులకు ముందు పగటివేళ ఏమి జరిగినదో చూచుట. తేదీలు వ్రాసియుంచినందున ఇది సులభమైనది. దాదాపు ప్రతిసారియు, స్వగ్రామమునుండి అన్నగారు ఫోను చేసిన రాత్రులవి. తండ్రి ఇంటిలో తన భాగమును వదలుకొనుచు రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి దస్తావేజుపై సంతకము చేయుమని అన్నగారు అడుగుచుండెను. “అట్లే అన్నయ్యా, సెలవు దొరకగనే వచ్చెదను” అని ఈయన నవ్వుచు చెప్పుచుండెను. ఆ నవ్వునకు వెనుక, తల్లి కన్నుమూసిన గది ఆ ఇంటిలోనిదన్న తలపు ఉండెను. దానిని ఆయన ఎవరితోను, తనతోను చెప్పుకొనలేదు. పెట్టెపై కూర్చుండి లేవనన్నవాడు, ఆయన నోరు విప్పి చెప్పని “కాదు” అను మాటయే.

ఇచ్చట తొందరపాటు ప్రమాదకరము. నీడను గుర్తించుట యనగా నీడ చెప్పినట్లు ఆడుట కాదు. మరునాడే అన్నగారితో జగడమాడినచో, ఇంతకాలము సాధువు చేతిలోనున్న పగ్గములను మొండివాని కిచ్చినట్లే యగును. గుమాస్తాగారు చేసినది వేరు. ఒక ఆదివారము అన్నగారికి తానే ఫోను చేసి, “సంతకమునకు ముందు ఒకమారు ఇల్లు చూడవలెను, అమ్మ గదినిగూర్చి మాట్లాడవలెను, అంతవరకు ఆగుము” అనెను. అటువైపు కొంతసేపు మాట లేదు. పిమ్మట అన్నగారు, “నీకు అక్కరలేదనుకొంటినిరా, ఎన్నడును చెప్పవైతివి” అనిరి. ఇల్లు చివరకు ఎవరిదగునన్నది ఈ ప్రసంగమునకు చెందదు. కొన్ని వారముల తరువాత ఆ కల మరల వచ్చినది. కంబళి మనిషి పెట్టెపైననే యుండెను. అయితే ఈసారి కొంచెము ప్రక్కకు జరిగి చోటిచ్చెను. ఈయన వాని ప్రక్కన కూర్చుండెను.

ఇట్టి అర్థము సరియైనదని ఎట్లు తెలియును? గణితమున వలె రుజువు లేదు. ఇతరుడెంత తెలివిగా చెప్పినను, కల కన్నవానికి లోపల ఏదో తాకినట్లు లేనిచో ఆ అర్థమును విడువవలెను. మనలను పొగడి ఇతరులను నిందించు అర్థము తరచుగా తప్పగును. కొంచెము సిగ్గు కలిగించి, పిదప తేలిక చేయు అర్థమునకు విలువ ఎక్కువ. ప్రతి అపరిచితుడును నీడ కానక్కరలేదు. పగలు టిక్కెట్టు కిటికీవద్ద చూచి మరచిన ముఖమే రాత్రి ఊరక కనబడియుండవచ్చును. ఒక్కసారి వచ్చి పోయినవానిని పోనీయవలెను. మరల మరల వచ్చువానినే విచారింపవలెను.

నీడమనుష్యులలో మరొక జాతి కలదు. దానిని దీనితో కలుపరాదు. మెలకువ వచ్చినట్లుండును, గది యంతయు కనబడును, కాని చేయి కదలదు, నోరు పెగలదు. మంచము ప్రక్కన నల్లని ఆకారము నిలిచియుండును, లేదా గుండెపై కూర్చున్నట్లుండును. మన పల్లెలలో దయ్యము పట్టినదందురు. బెంగాలీ ఇరుగుపొరుగువారు “బోబాయ్ ధొరా” యందురు, అనగా మూగది పట్టినదని. కనుగ్రుడ్లు వేగముగా కదలుచుండు నిద్రాదశ యొకటి కలదని 1953లో చికాగోలో కనుగొనిరి. రాత్రి సుమారు 90 నిమిషముల కొకమారు వచ్చు ఆ దశలోనే స్పష్టమైన కలలు మిక్కిలిగా వచ్చును; తెల్లవారుజామున ఆ దశ దీర్ఘమగును. కలలోని పరుగు నిజముగా కాళ్లకు రాకుండ ఆ సమయమున దేహపు కండరములు సడలి కట్టుబడియుండును. ఒక్కొక్కప్పుడు మనస్సు ముందుగా మేల్కొని, దేహపు కట్టు ఇంకను విడకుండును. కల తునక యొకటి గదిలో మిగిలి ఆకారముగా తోచును. సాధారణముగా ఇది కొలది నిమిషములలో పోవును. నిద్ర చాలనివారికిని, డ్యూటీవేళలు మారుచుండువారికిని, వెల్లకిల పరుండువారికిని ఇది ఎక్కువ. దీనికి అర్థము వెదకుటకంటె నిద్రవేళ సరిచేసికొనుట మేలు.

ఇంకొక హద్దు కూడ కలదు. ప్రమాదమును కన్నులార చూచినవారికి, దౌర్జన్యమునకు గురియైనవారికి కలలో వచ్చు ఆకారము తమలోని భాగము కాదు, జరిగినదాని గాయము. “ఆ దుర్మార్గుడు నీలోని భాగమే” యని వారితో అనుట పుండుపై కారము చల్లుట. అట్టివారిని, భయముచే నిద్రకే జంకువారిని వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. చిన్నపిల్లలు చీకటి మనిషి వచ్చెనని ఏడ్చినప్పుడు సిద్ధాంతము చెప్పనక్కరలేదు. ప్రక్కన కూర్చుండి “వాడెట్లున్నాడు? వానికేమి కావలెనట?” అని అడిగినచో చాలును. కొందరు పిల్లలు వానికి అన్నము పెట్టుమని చెప్పుదురు.

ఆ పిల్లల సమాధానమునందే ఈ ప్రసంగపు సారమంతయు కలదు. వెనుక వచ్చువానిని చూచి పరుగెత్తినకొలది వాడు పెరుగును, మంచులో నీడ పెరిగినట్లు. దీపము చేత పట్టుకొనియే వెనుకకు తిరిగి “ఏమి కావలెను?” అని అడుగగలిగినచో, ముసుగులోని ముఖము ఎక్కడనో చూచినట్లే యుండును.